పర్లాకిమిడి బిల్లులు

ప్రశ్న: విజయనగరంలో ఒక చిన్న ఫర్మ్‌లో అకౌంట్స్ ఇంటర్న్‌గా చేరాను. ఎంట్రీలు, ఇన్‌వాయిస్‌లు నన్నే వెయ్యమంటున్నారు. ముందు ఏం నేర్చుకోవాలి? ట్రయల్ బ్యాలెన్స్ టాలీ అయితే తప్పుల్లేనట్టేనా?

జవాబు: రెండో ప్రశ్న మీద నాకు పాత కక్ష ఉంది, అందుకని దాన్నే ముందు పట్టుకుంటాను. లేనట్టు కాదు. 2019లో శ్రీకాకుళంలో ఒక పైపుల షాపులో ఇంటర్న్‌గా ఉన్నప్పుడు వరసగా నాలుగు బిల్లులు తప్పు వేశాను. నాలుగింటి తర్వాతా ట్రయల్ బ్యాలెన్స్ పైసా తేడా లేకుండా కూర్చుంది. డెబిట్ ఎంత వేశామో క్రెడిట్ అంతే వేశామా అన్నదే దానికి కావాలి. క్రెడిట్ ఎవరి ఖాతాలో పడిందో దానికి పట్టదు.

అంతకుముందు మూడు నెలలు టాలీ కోచింగ్‌కి వెళ్ళాను. అక్కడ రాము లక్ష రూపాయలతో వ్యాపారం మొదలుపెట్టేవాడు, సోముకి సరుకు అమ్మేవాడు. ఆ రాము ఏ రాష్ట్రంవాడో, సోముది ఏ ఊరో ఎవరూ చెప్పలేదు. సర్టిఫికెట్ మాత్రం లామినేషన్ చేసి ఇచ్చారు.

షాపులో చేరిన రెండో వారం పర్లాకిమిడి నుంచి ఆర్డరొచ్చింది. మన పాతపట్నం దాటితే పర్లాకిమిడి. ఫోన్ చేసినాయన మాట్లాడింది మన శ్రీకాకుళం తెలుగే. "పైపులు పంపీ బాబూ, ఆటో నువ్వే సూడు" అన్నాడు. ఆయనది వేరే రాష్ట్రం అన్న ఆలోచనే నాకు రాలేదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అటు వెళ్ళిపోయిందని బళ్ళో చదువుకున్నాను. ఆ గీత వచ్చి నా బిల్లు మీద పడుతుందని ఎలా అనుకుంటాను?

పీవీసీ పైపులు 60, ఒక్కోటి 640 రూపాయలు. మొత్తం 38,400. పైపుల మీద పన్ను 18 శాతం. రోజూ వేసే అలవాటుతో సగం కేంద్రం పన్ను సీజీఎస్టీ 3,456, సగం మన రాష్ట్రం పన్ను ఎస్‌జీఎస్టీ 3,456 వేశాను. ఆటో కిరాయి 1,600 ఉంది కదా, దాన్ని పన్నుల కింద, ఆఖర్న కలిపాను. బిల్లు 46,912 అయింది. టాలీలో పార్టీ లెడ్జర్ కొత్తగా తెరిచినప్పుడు రాష్ట్రం దగ్గర ఆంధ్రప్రదేశ్ ఉంటే అలాగే ఎంటర్ కొట్టేశాను. పార్టీ జీఎస్టీ నంబర్‌ని అడ్రస్ లైన్లలోనే టైప్ చేసేశాను, దాని గడి వేరే ఉందని తెలీక. అలా ఆ నెల 21వ తేదీ దాకా నాలుగు బిల్లులు వెళ్ళాయి.

26న పర్లాకిమిడి గుమాస్తా ఫోన్ చేశాడు. కొన్న బిల్లుల మీద పన్ను పోర్టల్లో చూపించే 2బీ స్టేట్‌మెంట్ అప్పటికి ఇప్పటిలా లేదు, ఆయన కాగితం బిల్లు చూసే పట్టుకున్నాడు. "మా నంబరు మొదట్న ఎంతుంది? సదువు" అన్నాడు. 21 అని చదివాను. "మీది?" 37. "మరి మీ రాష్ట్రం పన్ను మేమెందుకు కట్టాలి బాబూ?" అన్నాడు. నాకు నోట మాట రాలేదు.

జీఎస్టీ నంబర్‌లో మొదటి రెండు అంకెలు రాష్ట్రం కోడ్. 37 ఆంధ్రప్రదేశ్, 21 ఒడిశా. సరుకు ఒడిశాలో దిగి, కొన్నవాడు ఒడిశావాడే అయితే వెయ్యాల్సింది రాష్ట్రాల మధ్య అమ్మకానికి వేసే ఐజీఎస్టీ, మొత్తం 18 శాతం ఒకే లైన్లో. ఆయనే సొంత బండి తెచ్చుకుని మన షాపు ముందు లోడు చేసుకున్నా అంతే, బండి ఎవరిదన్నది లెక్కలోకి రాదు, సరుకు ప్రయాణం ఎక్కడ ఆగుతుందన్నదే లెక్క. నేను వేసినట్టు సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ వేస్తే పర్లాకిమిడి పార్టీకి ఆ 6,912 రూపాయల ఇన్‌పుట్ రాదు, అంటే వాళ్ళు కట్టాల్సిన పన్నులో దాన్ని తగ్గించుకోలేరు. ఇప్పుడైతే, పార్టీ నంబర్ దాని గడిలో ఉంటే, వాళ్ళ 2బీలో ఇన్‌పుట్ రాని బిల్లుల భాగంలో కనిపిస్తుంది. మీకు మాత్రం మీ పుస్తకాల్లో అంతా పచ్చగానే ఉంటుంది. అందుకే ఇలాంటి తప్పు ఎప్పుడూ అవతలి పార్టీ ఫోన్‌లోనే బయటపడుతుంది, అదీ వాళ్ళు మన బాకీ కట్టాల్సిన రోజున.

మా షాపులో పాత గుమాస్తా గారుండేవారు. అందరూ మాస్టారు అనేవారు. ఆయన నా బిల్లు తీసుకుని పెన్సిల్‌తో రెండో తప్పు చూపించారు. "ఆటో మనమే మాట్లాడి పంపాం. ఆ కిరాయి సరుకు విలువలో కలిసిపోద్ది. దానిమీదా పన్ను పడద్ది" అన్నారు. అంటే 38,400కి 1,600 కలిపితే 40,000. దాని మీద ఐజీఎస్టీ 7,200. బిల్లు 47,200. నేను 288 రూపాయలు తక్కువ వేశానన్నమాట. ఆయన నన్ను తిట్టింది మాత్రం 288కి కాదు. "ఎంట్రీ ముందేసి బిల్లు తర్వాత చూస్తావేటిరా గుంటడా? బిల్లు సరిగుంటే ఎంట్రీ దానంతటదే వస్తది" అన్నారు.

సరైన ఎంట్రీ ఇలా ఉండాలి. పార్టీ ఖాతా డెబిట్ 47,200. అమ్మకాలు క్రెడిట్ 38,400, వసూలు చేసిన కిరాయి క్రెడిట్ 1,600, అవుట్‌పుట్ ఐజీఎస్టీ క్రెడిట్ 7,200. ఆటోవాడికి డబ్బు ఇచ్చినప్పుడు అది వేరే ఎంట్రీ, కిరాయి ఖర్చు డెబిట్, నగదు క్రెడిట్. ఈ రెండూ ఒకదాన్లో ఒకటి కొట్టేసి తేడా మాత్రం రాసేవాళ్ళు మన ఊళ్ళల్లో చాలామంది ఉన్నారు. మీ షాపులోనూ ఉంటారు. వాళ్ళ మాట వినకండి, ఆర్నెల్ల తర్వాత ఆటోవాళ్ళకి ఎంత పోసామో ఎవరికీ తెలీదు.

ఇప్పుడు దిద్దడం. నేను మొదట చేయబోయింది ఏంటంటే పాత నాలుగు బిల్లులనీ టాలీలో తెరిచి, పన్ను లెడ్జర్ మార్చి, అదే నంబరుతో మళ్ళీ ప్రింట్ తీయడం. మాస్టారు చెయ్యి పట్టుకున్నారు. పార్టీ దగ్గర ఒక కాగితం, మన దగ్గర అదే నంబరుతో ఇంకో కాగితం. అంతకంటే పెద్ద తప్పు లేదు. డిలీట్ కొట్టడం కూడా వద్దన్నారు. బిల్లు నంబర్లు ఆ ఆర్థిక సంవత్సరంలో వరసగా ఉండాలి, మధ్యలో ఒకటి మాయమైతే జవాబు చెప్పుకోవాలి. అందుకని డిలీట్ బదులు `Alt+X` కొట్టి క్యాన్సిల్ చెయ్యాలి. నంబర్ ఉంటుంది, అంకెలు పోతాయి. అమ్మకాల రిటర్న్ జీఎస్టీఆర్-1లో డాక్యుమెంట్ల పట్టికలో ఎన్ని బిల్లులిచ్చాం, ఎన్ని క్యాన్సిల్ చేశాం అని అడుగుతారు, అక్కడ ఈ నాలుగూ చూపించాలి.

అయితే క్యాన్సిల్ చెయ్యాలంటే పార్టీ దగ్గరున్న ఒరిజినల్ వెనక్కి రావాలి. సరుకు బిల్లుకి మూడు కాపీలుంటాయి, కొన్నవాడికి ఒరిజినల్, బండికి డూప్లికేట్, మనకి ట్రిప్లికేట్. ఒరిజినల్స్ తేవడానికి నన్నే పంపారు. కొరియర్ పెట్టమంటే మా సావుకారు గారు "నీ తప్పు, నీ కాళ్ళు" అన్నారు.

పాతపట్నం దాకా బస్సు, అక్కణ్ణుంచి ఆటో. అక్కడి షాపుల బోర్డుల మీద ఒడియా అక్షరాలు, కింద మన మాటలు. పార్టీ గుమాస్తా టీ తెప్పించి, నా నాలుగు బిల్లులూ బల్ల మీద పరిచాడు. వాటి పక్కన ఇంకో శ్రీకాకుళం షాపు బిల్లు పెట్టాడు. అందులో పార్టీ పేరు, నంబరు, దాని కిందనే "సప్లయ్ జరిగే చోటు: ఒడిశా, 21", ఆ కింద ఐజీఎస్టీ. "ఈ మూడూ ఒకదానికొకటి ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే సంతకం పెట్టకు" అన్నాడు. ఈ రోజుకీ బిల్లు చేతికొస్తే నా కళ్ళు ముందు ఆ మూడు చోట్లకే పోతాయి, మొత్తం ఎంతన్నది తర్వాత చూస్తాను.

27న కొత్త నంబర్లతో నాలుగు బిల్లులు వేశాం. పాత ఒరిజినల్స్ మీద క్యాన్సిల్ అని అడ్డంగా రాసి మూడు కాపీలూ కలిపి కుట్టేశాం. అదే నెల కాబట్టి, ఇంకా రిటర్న్ వెయ్యలేదు కాబట్టి బతికిపోయాం. మరుసటి నెల 11న జీఎస్టీఆర్-1 వేశాక దొరికి ఉంటే క్యాన్సిల్ కుదరదు. క్రెడిట్ నోటు, కొత్త బిల్లు, దాని మీద ఆడిటర్ గారి క్లాసు, అన్నీ ఉండేవి.

నాకు జ్ఞానం వచ్చేసిందనుకున్నాను. పదిరోజులకే పాతపట్నం డీలర్ ఒకాయన సరుకు కొని, "నేను అమ్మీసిన పార్టీది కాశీనగర్, అక్కడే దించీండి" అన్నాడు. కాశీనగర్ ఒడిశా. నేను గర్వంగా ఐజీఎస్టీ వేశాను. మాస్టారు మళ్ళీ పెన్సిల్ తీశారు. ఇక్కడ మన దగ్గర కొన్నది పాతపట్నం ఆయన, ఆయన నంబర్ 37తో మొదలవుతుంది. ఆయన చెప్పిన చోట దించుతున్నాం అంతే. అలాంటప్పుడు సప్లయ్ జరిగిన చోటు కొనుగోలుదారు ముఖ్య వ్యాపార స్థలం, అంటే ఆంధ్ర. మన బిల్లులో సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ. కాశీనగర్ షాపుకి పాతపట్నం ఆయన వేసుకునే బిల్లులో ఐజీఎస్టీ. మన బిల్లులో కొన్నవాడి పేరొకటి, దించే చోటు ఇంకొకటి, రెండూ విడివిడిగా రాయాలి. సరుకు విలువ పన్నుతో కలిపి 50,000 దాటితే సరుకు రవాణాకి తీసే ఈ-వే బిల్లులో కూడా ఆ రెండూ అలాగే రాయాలి.

మీ మొదటి ప్రశ్నకీ జవాబు ఇదే, ముందు బిల్లు చదవడం నేర్చుకోండి. విజయనగరంలో మీకు ఒడిశా రాయగడ పార్టీలు తగులుతాయి. వాళ్ళూ తెలుగే మాట్లాడతారు. పార్టీ లెడ్జర్ తెరిచేటప్పుడే రాష్ట్రం గడి, జీఎస్టీ నంబర్ గడి నింపండి, తర్వాత చూద్దాంలే అనుకోకండి. జీతం సంగతి మీరు అడగలేదు గానీ, నాకు మొదటి మూడు నెలలూ స్టైపెండ్ అన్న పేరుతో టీ, బిస్కట్లే ఇచ్చారు.

ఆ పర్లాకిమిడి బస్సు టికెట్లు మాత్రం దాచాను. మాస్టారు వాటిని వోచర్‌కి పిన్ను కొట్టి, ప్రయాణ ఖర్చులు డెబిట్, నగదు క్రెడిట్ అని నా చేతే రాయించారు. ఆటోకి రసీదు లేదని ఆ డబ్బు కొట్టేశారు.