పాఠ్యపథకంలో ఆ మూడు వాక్యాలను తిరిగి రాయడం గురించి

చిరంజీవి అమ్మాయికి, పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన ఏడో తరగతి ‘ఆమ్లాలు, క్షారాలు’ పాఠ్యపథకం చదివాను. కృత్యాలు బాగున్నాయి. పసుపు కాగితాలు పిల్లల చేతే చేయించాలనుకోవడం నాకు నచ్చింది. నేను ఆగిపోయింది మాత్రం అభ్యసన ఫలితాల దగ్గర. మూడు రాశావు. ‘విద్యార్థులు ఆమ్లాలు, క్షారాలను అవగాహన చేసుకుంటారు.’ ‘సూచికల గురించి తెలుసుకుంటారు.’ ‘నిత్యజీవితంలో తటస్థీకరణ ప్రాముఖ్యాన్ని అభినందిస్తారు.’ పీరియడ్ ముగిశాక ఈ మూడూ జరిగాయో లేదో నీకు ఎలా తెలుస్తుంది? బోర్డు మీద అన్నీ రాశావు, పిల్లలు ‘అర్థమైంది టీచర్’ అన్నారు, అంతకు మించి నీ చేతిలో ఏమీ ఉండదు.

బీఎడ్‌లో ఉద్దేశ్యాల కింద స్పష్టీకరణలు రాయించేది ఇందుకే. 1962లో రాబర్ట్ మేగర్ దీన్నే తేటగా చెప్పాడు. విద్యార్థి ఏం చేస్తాడు, ఏ పరిస్థితిలో చేస్తాడు, ఎంత బాగా చేస్తే చాలు, ఈ మూడూ వాక్యంలో కనిపించాలి. కానీ ఆ మూడు గళ్లూ నింపడంతో మొదలుపెట్టకు. గోడకు అంటించిన క్రియాపదాల పట్టిక చూసి ‘అవగాహన చేసుకుంటారు’ తీసేసి ‘గుర్తిస్తారు’ పెట్టడం ఇంకా తేలిక, కానీ అలా చేస్తే పాఠం మారదు. ముందు కాగితం పక్కన పెట్టి ఇద్దరు పిల్లల్ని ఊహించుకో. ఒకరికి పాఠం వచ్చింది, ఇంకొకరికి రాలేదు. మొదటివాళ్లు చేయగలిగి, రెండోవాళ్లు చేయలేని పని ఏమిటి? ఆ పనిని రాయి. అదే నీ ఫలితం.

మొదటి వాక్యాన్ని ఇలా చూద్దాం. ‘ఆమ్లాలు, క్షారాలను గుర్తిస్తారు’ అని మార్చావనుకో. నిమ్మరసం ఏమిటని అడిగితే, పాఠం రాని పిల్లవాడు కూడా ‘ఆమ్లం’ అంటాడు. పుస్తకంలో పట్టిక ఉంది, బట్టీ పట్టాడు. అంటే మన ఊహలోని ఇద్దరినీ ఈ ప్రశ్న విడదీయలేదు. పేర్లు తీసేస్తే విడిపోతారు. అయిదు గ్లాసుల్లో నిమ్మరసం, వెనిగర్, సబ్బు నీళ్లు, వంటసోడా నీళ్లు, పంచదార నీళ్లు పోసి, ఒకటి నుంచి అయిదు దాకా అంకెలు మాత్రమే అంటించు. వాసన చూసి నిమ్మరసాన్ని పట్టేస్తారు కాబట్టి బాగా పలుచన చెయ్యి. రుచి చూడకూడదని ముందే గట్టిగా చెప్పు. ఇప్పుడు ఫలితం ఇలా వస్తుంది:

‘పేర్లు లేని అయిదు ద్రావణాలు, ఎరుపు, నీలం లిట్మస్ కాగితాలు ఇచ్చినప్పుడు, ప్రతి విద్యార్థి వాటిని ఆమ్లం, క్షారం, తటస్థం అని విడదీసి, ఒక్కోదానికి తాను చూసిన రంగు మార్పును ఆధారంగా రాస్తారు. అయిదింటిలో కనీసం నాలుగు, ఆధారంతో సహా సరిగ్గా ఉండాలి.’

నాలుగే ఎందుకని అడగాలి నువ్వు. ఈ అంకెను చాలామంది తోచినట్టు వేస్తారు, అది నాకు నచ్చదు. ఇక్కడ ఒక్కో గ్లాసుకు మూడు జవాబులకు అవకాశం ఉంది. ఏమీ రాని పిల్లవాడు గుడ్డిగా రాసినా, అయిదింటిలో మూడో అంతకంటే ఎక్కువో సరిపోయే అవకాశం నూటికి సుమారు ఇరవై ఒకటి. అంటే మూడు చాలని పెడితే అలాంటివాళ్లు అయిదుగురిలో ఒకరు గట్టెక్కేస్తారు. నాలుగని పెడితే ఆ అవకాశం నూటికి అయిదు లోపుకు పడిపోతుంది. రంగు మార్పు రాయాలన్న షరతు కూడా ఉంది కనుక ఇంకా తగ్గుతుంది. మరి అయిదుకు అయిదూ ఎందుకు వద్దు? లిట్మస్ కాగితం తడి వేళ్లతో పట్టుకున్నా, ఒక గ్లాసులో ముంచిన పుల్లనే ఇంకో గ్లాసులో ముంచినా ఒకటి తప్పుతుంది. అది చేతి పొరపాటు, పాఠం రాకపోవడం కాదు.

ఒక జాగ్రత్త. పంచదార నీళ్లను బోరు నీళ్లతో తయారు చేయకు. మన దగ్గర చాలా చోట్ల బోరు నీళ్లు కొద్దిగా క్షార గుణంతో ఉంటాయి, ఎర్ర లిట్మస్ నీలివైపు తిరగవచ్చు. పిల్లవాడు చూసింది చూసినట్టు రాస్తే నువ్వు తప్పు కొడతావు. ముందురోజే అయిదింటినీ నువ్వు పరీక్షించి చూసుకో.

ఇక రెండోది. నీ పాఠంలో అసలు సారం ఇక్కడే ఉందని నా అభిప్రాయం. ‘సూచికల గురించి తెలుసుకుంటారు’ అన్నదాన్ని ‘సూచికలకు రెండు ఉదాహరణలు రాస్తారు’ అని మార్చాలనిపిస్తుంది. అది కనిపిస్తుంది, లెక్కకూ అందుతుంది. కానీ అలా రాస్తే పాఠం ఆ రెండు పేర్ల దాకా కుంచించుకుపోతుంది. కొలవడానికి తేలికైనదాన్ని కాదు, పాఠంలో కష్టమైన మలుపును పట్టుకుని దానికి రుజువు వెతకాలి.

ఈ పాఠంలో కష్టమైన మలుపు పసుపు. పసుపు కాగితం క్షారంలో ఎర్రబారుతుంది. ఆమ్లంలో పసుపుగానే ఉంటుంది, తటస్థ ద్రావణంలోనూ పసుపుగానే ఉంటుంది. కాబట్టి రంగు మారనప్పుడు అది క్షారం కాదని మాత్రమే చెప్పగలం, ఆమ్లమని చెప్పలేం. ‘పసుపు ఆమ్లంలో రంగు మారదు’ అని కంఠతా వచ్చిన పిల్లలు దాన్ని తిరగేసి, ‘రంగు మారలేదు, కాబట్టి ఆమ్లం’ అని రాస్తారు. ఎక్కువమంది జారేది ఇక్కడే. దీన్నే ఫలితంగా మార్చు:

‘ఒక ద్రావణంలో పసుపు కాగితం రంగు మారలేదని చెప్పినప్పుడు, దాన్నిబట్టి ఏది తేలిందో, ఏది తేలలేదో రాసి, మిగిలినది తేల్చడానికి ఇంకో సూచికను ఎంచుకుని, ఏ రంగు వస్తే ఏమని నిర్ణయిస్తారో రాస్తారు.’

మంచి జవాబు ఎలా ఉంటుందో ముందే రాసి పెట్టుకో. ‘క్షారం కాదు. ఆమ్లమో తటస్థమో తెలియదు. మందార పూల రసం వేస్తాను, ముదురు గులాబీ రంగు వస్తే ఆమ్లం.’ లేదా ‘నీలి లిట్మస్ ఎర్రబడితే ఆమ్లం.’ ఏదైనా సరే. ఇందులో మూడు ముక్కలున్నాయి: తేలింది, తేలనిది, తర్వాతి పరీక్ష. మూడూ ఉంటే వచ్చినట్టు. మొదటి ముక్క ఒక్కటే ఉంటే సగం దారిలో ఉన్నట్టు. ‘ఆమ్లం’ అని రాసినవాళ్లకు మర్నాడు మొదటి పది నిమిషాలు కేటాయించాలి. చూశావా, నువ్వు ‘అవగాహన’ అని రాసినదాన్ని మనం పారేయలేదు. అది బయటికి ఎలా కనబడుతుందో చెప్పాం.

ఇంకొకటి గుర్తుంచుకో. తరగతిలో చెప్పిన ఉదాహరణనే మళ్లీ అడిగితే తేలేది జ్ఞాపకం మాత్రమే. చొక్కా మీద కూర మరక సబ్బు తగిలి ఎందుకు ఎర్రబడుతుందో పాఠంలో నువ్వే వివరించావు. అందుకని పరీక్షలో దాన్ని అడగకు. పసుపులో సున్నం కలిపితే పారాణికి ఆ ఎరుపు ఎందుకు వస్తుందో అడుగు. కారణం ఒకటే, కానీ సందర్భం కొత్తది.

మూడోది ‘అభినందిస్తారు’. నీ ఉద్దేశం మంచిదే, కానీ నలభై అయిదు నిమిషాల పీరియడ్‌కు అది సరిపడదు. ఎన్‌సీఈఆర్‌టీ 2017లో ఇచ్చిన ఏడో తరగతి అభ్యసన ఫలితాల్లోనూ శాస్త్ర ఆవిష్కరణల కథలను పిల్లలు చర్చించి అభినందించడం గురించి ఉంది. అయితే అవి ఏడాది మొత్తానికి రాసినవి. వాటిని ఎత్తి పీరియడ్ ప్లాన్‌లో పెడితే నప్పవు. నువ్వు ఈ పీరియడ్‌లో నిజంగా చేయించేది తటస్థీకరణను వాడుక విషయాలకు అన్వయించడం. అదే రాయి. ‘చీమ కుట్టిన చోట వంటసోడా రాయడం, ఆమ్ల నేలలో సున్నం చల్లడం, కడుపు మంటకు యాంటాసిడ్ వేసుకోవడం, వీటిలో ఇచ్చిన ఒక సందర్భంలో ఆమ్లం ఏదో, క్షారం ఏదో చెప్పి, క్షారం మోతాదు మించితే ఏమవుతుందో ఒక వాక్యంలో రాస్తారు.’ దీన్ని అన్వయం అని పిలువు. ‘ఎనభై శాతం మంది అభినందిస్తారు’ అని అంకె తగిలించడం మాత్రం నాకు బొత్తిగా ఇష్టం లేదు. అక్కడ అంకె తప్ప కొలత లేదు. అభినందనను ఏడాది ప్రణాళికలో ఉంచు. ఎవరూ చెప్పకుండానే ఒక పిల్ల ఇంటి నుంచి చింతపండు రసం తెచ్చి ‘దీన్ని కూడా చూద్దామా టీచర్’ అంటే డైరీలో తేదీ వేసి రాసుకో. మార్కులు వేయకు.

ఎనభై శాతం మాట వచ్చింది కనుక చెబుతున్నాను. ‘నాలుగు సరిగ్గా ఉండాలి’ అన్నది ఒక్కో విద్యార్థికి గీత. ‘తరగతిలో ఎంతమంది ఆ గీత దాటితే ముందుకు వెళ్తాను’ అన్నది నీ నిర్ణయం. దాన్ని ఫలితంలో కలపకు, డైరీలో వేరేగా రాసుకో.

నలభై మంది ఒక్కొక్కరినీ ఎలా చూస్తావన్నదే అసలు ఇబ్బంది. బృందానికి ఒక సెట్టు ఇస్తే ఒకరు ముంచుతారు, ఒకరు రాస్తారు, మిగిలినవాళ్లు చూస్తారు. నీకు వచ్చేది బృందం ఫలితం. ‘ప్రయోగంలో పాల్గొంటారు’ అన్నది కూడా కృత్యమే, ఫలితం కాదు. అందుకని నేర్చుకోవడం బృందంలో జరగనీ. రుజువు మాత్రం ఒక్కొక్కరి నుంచీ తీసుకో. ఈ మూడూ ఒకే పీరియడ్‌లో ఇమడవు. మొదటి రోజు లిట్మస్ పట్టిక. అయిదు గ్లాసులూ అందరికీ కావాలి కాబట్టి బృందాల వారీగా బల్ల దగ్గరికి పిలువు, పట్టిక ఎవరిది వాళ్లే నింపాలి. రెండో రోజు చివరి ఏడెనిమిది నిమిషాలు పసుపు ప్రశ్నకు కేటాయించి, తలా ఒక చీటీ మీద రాయించు. స్టాఫ్ రూమ్‌లో ఆ చీటీలను మూడు కట్టలుగా వేసుకోవడానికి పెద్దగా సమయం పట్టదు. తటస్థీకరణ మూడో రోజుకు వదిలెయ్యి.

తిరిగి రాశాక, ఆ వాక్యం నిలబడుతుందో లేదో చూసుకోవడానికి ఒక పద్ధతి ఉంది. నాలుగు చీటీలు తీసుకుని, నీ ఫలితం ఒక్కటే చూపించి, మీ బడిలో లెక్కల టీచర్‌ను ‘వచ్చింది, రాలేదు’ అని విడదీయమను. నువ్వూ విడిగా చెయ్యి. ఇద్దరి కట్టలూ ఒకేలా వస్తే వాక్యం సరిగ్గా ఉన్నట్టు. తేడా వస్తే ఏ చీటీ దగ్గర వచ్చిందో చూడు. చాలాసార్లు ‘సరిగ్గా’, ‘స్పష్టంగా’ లాంటి మాట ఒకటి వాక్యంలో మిగిలిపోయి ఉంటుంది, దాన్ని ఒక్కొక్కరు ఒక్కోలా చదువుతారు. ఆ మాట తీసేసి, చీటీలో ఏ ముక్క ఉండాలో రాయి.

తర్వాతి పాఠం ఉష్ణం అన్నావు కదా. దానికి అన్నీ తిరిగి రాయకు, ఒక్క ఫలితం తీసుకో. దానితో పాటు, పాఠం రాని పిల్లవాడు ఏ తప్పు జవాబు రాస్తాడనుకుంటున్నావో కూడా రాసి ఆదివారం లోగా పంపు. నేను ముందు చదివేది ఆ తప్పు జవాబునే.

నీ
పెదనాన్న