లక్ష ఇప్పుడా, లక్షా ఇరవై వేలు తర్వాతా?

ప్రశ్న: ఎంబీఏ చివరి సెమిస్టర్‌లో ఉన్నాను. క్యాంపస్‌లో రెండు ఆఫర్లు వచ్చాయి. జీతం ఇంచుమించు ఒకటే. ఒక కంపెనీ చేరగానే లక్ష రూపాయల జాయినింగ్ బోనస్ ఇస్తానంటోంది. రెండోది ఏడాది పూర్తయ్యాక 60 వేలు, రెండో ఏడాది పూర్తయ్యాక మరో 60 వేలు ఇస్తుందట. నా ఫీజు కోసం నాన్న తెచ్చిన లక్ష రూపాయలు రెండు రూపాయల వడ్డీకి ఉన్నాయి. లక్షా ఇరవై వేలే ఎక్కువ కదా అంటే, మా ఫ్రెండ్ "వచ్చే ఏడాది రూపాయికి ఇవాళ అంత విలువ లేదు" అంటున్నాడు. ఎందుకని?
- ఒక విద్యార్థి, ఖమ్మం

జవాబు: మీ ఫ్రెండ్ చెప్పింది నిజమే. ధరలు పెరుగుతాయి కాబట్టి అని చాలామంది అనుకుంటారు కానీ, ధరలు ఒక్క పైసా పెరగకపోయినా ఈ మాట నిజమే. చేతిలో ఉన్న డబ్బు ఊరికే ఉండదు. బ్యాంకులో వేస్తే వడ్డీ తెస్తుంది, అప్పు తీరిస్తే వడ్డీ ఆపుతుంది. ఏడాది తర్వాత వచ్చే డబ్బు ఈ ఏడాదంతా ఆ పని చేయలేదు.

ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద 7 శాతం వస్తుందనుకుందాం. ఏడాది తర్వాత సరిగ్గా 60,000 చేతికి రావాలంటే ఇవాళ ఎంత వేయాలి? 60,000ను 1.07తో భాగిస్తే సుమారు 56,075 వస్తుంది. మొదటి బోనస్‌కు ఇవాళ్టి విలువ అదే. ఇక్కడే చాలామంది పొరపడతారు. 60,000లో 7 శాతం తీసేసి 55,800 అంటారు. ఆ 55,800 డిపాజిట్ చేసి చూడండి, ఏడాదికి 59,706 మాత్రమే అవుతుంది. వడ్డీ వచ్చేది ఇవాళ వేసిన మొత్తం మీద కాబట్టి భాగించాలి, తీసివేయకూడదు.

రెండో 60,000 రెండేళ్లు ఆగాలి కనుక 1.07తో రెండుసార్లు భాగించాలి. అది 52,406. రెండూ కలిపితే 1,08,481. అంటే అప్పు లేని ఇంట్లో, మిగిలిన డబ్బు డిపాజిట్‌లో వేసుకునే కుర్రాడికి రెండో ఆఫరే మెరుగు. మీరనుకున్నట్టు 20 వేలు కాదు, ఎనిమిదిన్నర వేలు ఎక్కువ.

కానీ మీ లెక్క 7 శాతం దగ్గర ఆగదు. రెండు రూపాయల వడ్డీ అంటే నూటికి నెలకు రెండు, ఏడాదికి 24 శాతం. మీ ఇంట్లో లక్ష రూపాయలు చేయగలిగే అతి మంచి పని ఆ అప్పు తీర్చడం. కాబట్టి మీరు భాగించాల్సింది 1.24తో. మొదటి 60,000 ఇవాళ 48,387 అవుతుంది, రెండోది 39,022. మొత్తం 87,409. ఇప్పుడు లక్షే పెద్దది.

నమ్మకం కుదరకపోతే అప్పు కాగితం మీదే వేసి చూద్దాం. మొదటి కంపెనీలో చేరితే ఆ లక్షతో అసలు తీరిపోతుంది. రెండోదాంట్లో చేరి, మధ్యలో వడ్డీ కట్టకుండా ఏడాదికోసారి అసలులో కలుపుతారనుకోండి. ఏడాదికి అప్పు 1,24,000 అవుతుంది. 60,000 కడితే 64,000 మిగులుతుంది. దానికి ఇంకో ఏడాది వడ్డీ 15,360 కలిస్తే 79,360. రెండో 60,000 కూడా కట్టేశాక ఇంకా 19,360 బాకీ ఉంటుంది. లక్షా ఇరవై వేలు తీసుకుని కూడా లక్ష అప్పు తీరలేదు! నెలనెలా వడ్డీ జీతంలోంచి కడితే కాగితం మీద బాకీ తక్కువ కనిపిస్తుంది కానీ, ఆ వడ్డీ డబ్బూ మీ జేబులోదే.

ఈ రెండు ఆఫర్లు సమానమయ్యే రేటు సుమారు 13 శాతం. అంతకంటే తక్కువ వడ్డీకి అప్పు ఉన్నవాళ్లకు రెండోది, ఎక్కువ వడ్డీకి ఉన్నవాళ్లకు మొదటిది లాభం. ఎక్సెల్‌లో సరిచూసుకోవాలంటే ఇది కొట్టండి, 87,409 వస్తుంది:

```
=NPV(24%,60000,60000)
```

ఇదంతా ఆ డబ్బు తప్పకుండా వస్తుందనుకుని వేసిన లెక్క. ఇలాంటి బోనస్‌లకు మామూలుగా ఒక షరతు ఉంటుంది: ఇచ్చే తేదీన మీరు ఉద్యోగంలో ఉండాలి. పద్నాలుగో నెలలో మానేస్తే రెండో 60,000 సున్నా. జాయినింగ్ బోనస్‌కూ మెలిక ఉంటుంది. ఏడాదిలోపు మానేస్తే తిరిగి కట్టమంటారు, ఆ సరికి డబ్బు అప్పుల వాళ్లకు వెళ్లిపోయి ఉంటుంది. పైగా బోనస్‌ను జీతంలో భాగంగానే లెక్కగడతారు కాబట్టి, మీ మొత్తం ఆదాయం పన్ను పరిధిలోకి వస్తే లక్షలో కొంత టీడీఎస్‌గా పోవచ్చు. లక్ష ఏ నెల జీతంతో వేస్తారో, ఎన్ని నెలలలోపు మానేస్తే ఎంత తిరిగి కట్టాలో హెచ్‌ఆర్‌ను మెయిల్‌లో అడిగి, జవాబు వచ్చాకే నాన్నగారితో అప్పు తీర్చే సంగతి మాట్లాడండి.