జర్మన్ కార్డులో ఏం రాయాలన్నది సరే, ఎప్పుడు ఇస్తున్నారు?

ప్రశ్న: జర్మనీలో ఉంటున్నాను. పెళ్లికి, పాప పుట్టినప్పుడు, పుట్టినరోజుకు, పండుగలకు కార్డు మీద ఏం రాస్తే బాగుంటుంది?

మాటలు ఏ కార్డు మీదైనా అచ్చై దొరుకుతాయి. నేను దెబ్బతిన్నది తేదీ దగ్గర.

మా కింది అంతస్తులో ఒక పెద్దావిడ ఉండేవారు. ఆదివారం ఆవిడకు డెబ్బై నిండుతాయి, నేను శుక్రవారం విజయవాడ ప్రయాణం. మనకు ముందుగా శుభాకాంక్షలు చెప్పడం మర్యాదే కదా! గురువారం సాయంత్రం తలుపు తట్టి, ‘హెర్ట్స్‌లిషెన్ గ్ల్యూక్‌వున్ష్ త్సుమ్ గెబుర్ట్స్‌టాక్’, అంటే పుట్టినరోజు శుభాకాంక్షలు అంటూ కార్డు చాచాను. ఆవిడ చేతులు వెనక్కి పెట్టుకున్నారు. ‘రోజు రాకముందే చెబితే కీడండీ, ఊరి నుంచి వచ్చాక ఇవ్వండి’ అన్నారు. ఆ కార్డు కొనడానికి ఎంత ఆలోచించానో ఆవిడకేం తెలుసు! పైగా అక్కడ ఒక మడత కాగితం ఖరీదుకు మన దగ్గర ఇద్దరు కడుపునిండా టిఫిన్ తినవచ్చు.

నాకు అర్థమైనది ఇది. ‘గ్ల్యూక్‌వున్ష్’ జరిగిపోయినదానికి చెప్పే అభినందన. అందుకే బిడ్డ పుట్టాకే, ‘హెర్ట్స్‌లిషెన్ గ్ల్యూక్‌వున్ష్’ తర్వాత ‘త్సుర్ గెబుర్ట్ ఓయిరర్ టోఖ్టర్’, అంటే ‘మీ అమ్మాయి పుట్టినందుకు’ అని రాయాలి. అబ్బాయైతే ‘ఓయిరెస్ జోనెస్’. పెళ్లికి ‘త్సుర్ హొఖ్‌త్సైట్’. పుట్టినరోజు అనే మాట వాళ్లకు పుంలింగం కనుక ‘త్సుమ్’, పెళ్లి, పుట్టుక స్త్రీలింగం కనుక ‘త్సుర్’. ఇది తారుమారైతే ఎవరూ ఏమీ అనరు, కానీ మీరు చూసి రాయలేదని తెలిసిపోతుంది. ‘మీ’ అనే అర్థమున్న ‘ఓయిరర్’ కూడా చనువున్న దంపతులకే. మీరు అని పిలిచే వాళ్లకు ‘ఈరర్ టోఖ్టర్’.

పండుగల దారి వేరు. అవి రాబోయే రోజులకు కోరుకునే మాటలు, ముందే చెప్పవచ్చు. డిసెంబరు చివరి రోజుల్లో అందరూ ‘గూటెన్ రుట్ష్’ అంటారు, అంటే కొత్త సంవత్సరంలోకి హాయిగా జారిపొమ్మని. అది అర్ధరాత్రి వరకే. పన్నెండు దాటాక ‘ఫ్రోయెస్ నోయెస్ యార్’. జనవరి రెండున నేను లిఫ్టులో ‘గూటెన్ రుట్ష్’ అంటే ఒకాయన నన్నూ గడియారాన్నీ మార్చి మార్చి చూశాడు.

ఇంకో మాట. అచ్చైన వాక్యం కింద సంతకం మాత్రం గీకి ఇవ్వకండి. మన వాట్సాప్ గుంపుల్లో పూలబొమ్మలు తోసేసే అలవాటు అక్కడ పనికిరాదు. పెన్నుతో రెండు వాక్యాలైనా ఉండాలి, ఆ మనిషికి మాత్రమే సరిపోయేవి.

మూడు వారాల తర్వాత ఆ కార్డే మళ్లీ పట్టుకెళ్లాను. వాక్యం చివర ఉన్న కాస్త చోటులో ‘నాఖ్‌ట్రేగ్లిష్’, అంటే ‘ఆలస్యంగా’ అని ఇరికించాను. ఈసారి ఆవిడ తీసుకున్నారు. చదివి నవ్వి, కాఫీ పెడతాను రమ్మన్నారు.