స్కోర్‌బోర్డు కూడి చూశాకే హెడ్డింగ్ దగ్గరికి వెళ్లు

"సార్, జర్నలిజం డిప్లొమా అయిపోయింది. వచ్చే నెల ఒక పేపర్లో స్పోర్ట్స్ డెస్క్ ట్రైనీ సబ్ ఎడిటర్ టెస్ట్ ఉంది. తప్పులున్న పేజీ ప్రూఫ్ ఇచ్చి ఇరవై నిమిషాల్లో దిద్దమంటారట. తెలుగు స్పెల్లింగులు బాగానే పట్టుకుంటాను కానీ అంకెలు వచ్చేసరికి కళ్లు జారిపోతున్నాయి. ఏ వరసలో చూడాలో ఒక చెక్‌లిస్ట్ లాంటిది చెప్తారా?"

చూడమ్మా, అంకెల్ని చదివితే దొరకవు, కూడితే దొరుకుతాయి. 277 బదులు 227 అని ఉంటే కన్ను దాన్ని మామూలుగా దాటేస్తుంది, ఎందుకంటే రెండూ వన్డే స్కోర్లలాగే ఉంటాయి. అక్షరదోషం అయితే చూడగానే గుచ్చుకుంటుంది, అంకె తప్పు అలా గుచ్చుకోదు. అందుకే టెస్ట్‌లో పేజీ చేతికి రాగానే హెడ్డింగ్ చదవొద్దు, ముందు స్కోర్‌బోర్డు పట్టుకో. అది సరిగ్గా ఉందని తేల్చుకున్నాక, దాన్ని పక్కన పెట్టుకుని మిగతా పేజీ మొత్తం దిద్దొచ్చు.

2011 వరల్డ్ కప్ ఫైనల్ తీసుకుందాం, శ్రీలంక 274/6, ఇండియా 277/4, అందరికీ గుర్తున్న మ్యాచే కాబట్టి ప్రాక్టీస్‌కి బాగుంటుంది. ఇండియా ఇన్నింగ్స్‌లో సెహ్వాగ్ 0, సచిన్ 18, గంభీర్ 97, కోహ్లి 35, ధోని 91 నాటౌట్, యువరాజ్ 21 నాటౌట్. కూడితే 262. ఎక్స్‌ట్రాలు 15, మొత్తం 277. సరిపోయింది. ఇది చాలామంది చేస్తారు, చేసి ఆగిపోతారు. నువ్వు ఆగకు, కిందున్న బౌలింగ్ కూడా కూడు: మలింగ 42, కులశేఖర 64, పెరీరా 55, రణదీవ్ 43, దిల్షాన్ 27, మురళీధరన్ 39. మొత్తం 270. అయ్యో 7 తక్కువొచ్చాయే అని కంగారు పడొద్దు, ఎక్స్‌ట్రాల్లో వైడ్లు (నోబాల్స్ ఉంటే అవీ) బౌలర్ ఖాతాలోకే వెళ్తాయి కానీ బైలు, లెగ్‌బైలు వెళ్లవు. ఆ రోజు వైడ్లు 8, బైలు 1, లెగ్‌బైలు 6. ఆ 1, ఆ 6 కలిపితే 270 కాస్తా 277 అయిపోయింది. పై నుంచి ఒకసారి, కింద నుంచి ఒకసారి కూడినప్పుడు రెండూ ఒకే చోటికి వస్తే ఆ మొత్తాన్ని నమ్మొచ్చు.

తర్వాత వికెట్లు. మలింగకి 2, పెరీరాకి 1, దిల్షాన్‌కి 1, అంటే 4, ఆ ఇన్నింగ్స్‌లో రనౌట్లు లేవు కాబట్టి సరిపోయింది, రనౌట్ ఉంటే బౌలర్ల వికెట్లు ఆ మేరకు తగ్గాలి. వికెట్ల పతనం 1-0, 2-31, 3-114, 4-223. ఈ వరస కథనానికి కూడా పనికొస్తుంది, గంభీర్, ధోని నాలుగో వికెట్‌కి ఎంత జోడించారని రాశారో చూడు, 223లోంచి 114 తీసేస్తే 109 రావాలి, అక్కడ ఇంకో అంకె ఉంటే ఎవరో గుర్తున్నంత వరకు రాసేశారని అర్థం.

ఇప్పుడు కొంచెం జాగ్రత్తగా విను, ఇక్కడే చాలామంది పడిపోతారు. ఇండియా ఆడింది 48.2 ఓవర్లు, అంటే 48 ఓవర్లు ప్లస్ 2 బంతులు, నలభై ఎనిమిది పాయింట్ రెండు కాదు. అంటే 290 బంతులు. 300లోంచి తీసేస్తే 10 బంతులు మిగిలాయి, ఫలితం లైన్‌లో అదే ఉండాలి. రన్‌రేట్ కావాలంటే 277ని 6తో హెచ్చవేసి 290తో భాగించు, 5.73 వస్తుంది. కాలిక్యులేటర్‌లో నేరుగా 48.2తో భాగిస్తే 5.75 వస్తుంది, అది తప్పు. తేడా చిన్నదే కదా అనుకోకు, టెస్ట్ పెట్టేవాళ్లు ఇలాంటి చిన్న తేడానే పెడతారు. ఇంకో చెక్ ఉంది, నాకు చాలా ఇష్టమైనది: బ్యాటర్లు ఆడిన బంతులు కూడు. 2, 14, 122, 49, 79, 24, మొత్తం 290! వైడ్ బ్యాటర్ ఆడిన బంతుల లెక్కలోకి రాదు కాబట్టి ఓవర్లతో సరిగ్గా కలుస్తుంది, నోబాల్స్ పడితే మాత్రం ఎన్ని పడ్డాయో అన్ని బంతులు ఎక్కువ రావాలి.

అయితే కూడిక పట్టుకోలేని తప్పు ఒకటుంది. గంభీర్ ఎదురుగా 35, కోహ్లి ఎదురుగా 97 పడ్డాయనుకో, మొత్తం అదే 277 వస్తుంది. దానికి లెక్కలు పనికిరావు, స్కేలు పెట్టుకుని ఒక్కో లైన్ ఒరిజినల్ కాపీతో పోల్చాలి, వీలైతే పక్కనున్నవాళ్లని చదవమని నువ్వు చూడాలి, చదివేవాళ్లు రెండొందల డెబ్భై ఏడు అనకుండా రెండు, ఏడు, ఏడు అని విడివిడిగా చదివితే తప్పు వెంటనే దొరుకుతుంది.

స్కోర్‌బోర్డు అయ్యాక అప్పుడు హెడ్డింగ్, ఇంట్రో, ఫొటో కాప్షన్, మొదటి పేజీలో ఇచ్చిన చిన్న వార్త, ఈ నాలుగూ దాంతో పోల్చు. నేను డెస్క్‌లో చేరిన కొత్తలో ఒకరాత్రి కథనం అంతా దిద్దాను, హెడ్డింగ్‌లో మాత్రం 4 వికెట్ల తేడాతో గెలుపు అని ఉండిపోయింది, పడింది 4 వికెట్లు, గెలిచింది 6 వికెట్ల తేడాతో. అంత పెద్ద అక్షరాల్లో ఉన్నదాన్ని ఎవరూ చదవలేదు, అందరం చిన్న అక్షరాలే చూశాం. పొద్దున పేపర్ చూసుకున్నప్పుడు ఎంత బాధేసిందో ఇప్పటికీ గుర్తుంది.

టెన్నిస్, బ్యాడ్మింటన్ వస్తే గెలిచినవాళ్ల స్కోరు ముందు రాయడం మామూలు పద్ధతి. 2016 రియో ఫైనల్లో సింధుపై మారిన్ గెలిచిన స్కోరు 19-21, 21-12, 21-15. మొదటి గేమ్ తిరగబడిందేమో అని 21-19 చేసేస్తే వరస గేముల్లో గెలిచినట్టు అయిపోతుంది, తప్పు దిద్దబోయి కొత్త తప్పు పెట్టినట్టే. వాక్యం 'సింధు ఓడింది' అని ఉంటే అంకెలు ఎవరివైపు నుంచి ఉన్నాయో డెస్క్ పద్ధతి చూసుకో. అసలు సాధ్యం కాని స్కోర్లు కూడా గుర్తుపెట్టుకో, ఆ 21 పాయింట్ల పద్ధతిలో 21-20తో గేమ్ ముగియదు, రెండు పాయింట్ల తేడా రావాలి, 29-29 అయితేనే ఒక్క పాయింట్‌తో 30-29 అవుతుంది.

పేర్ల దగ్గర కరెక్ట్ స్పెల్లింగ్ ఏది అని కొట్టుకోవడం కంటే పేజీ మొత్తం ఒకేలా ఉందా అని చూడు. జయవర్దనే, జయవర్ధనే రెండూ ఒకే పేజీలో కనిపిస్తే అదే మొదట కనిపించే తప్పు. స్క్రీన్ మీద అయితే Ctrl+F కొట్టి 'జయవ' వరకే టైప్ చేయి, రెండు రూపాలూ దొరుకుతాయి, పూర్తి పేరు కొడితే నువ్వు కొట్టిన రూపమే దొరుకుతుంది. పాండ్యా అని ఒక్క ఇంటిపేరే ఉంటే హార్దిక్కా కృనాలా అని ఆగి చూడు.

తేదీలకి ఒకటే అలవాటు, వారాన్నీ తేదీనీ జంటగా చూడటం. ఆ ఫైనల్ 2011 ఏప్రిల్ 2, శనివారం, కథ వచ్చేది ఆదివారం పేపర్లో, అందులో 'నేడు' అన్న మాట మిగిలిపోతే తప్పే. టోక్యో ఒలింపిక్స్ పేరు 2020 కానీ జరిగింది 2021లో, నీరజ్ చోప్రా స్వర్ణం 2021 ఆగస్టు 7న వచ్చింది, కెరీర్ బాక్సుల్లో 2020 అని పడిపోతూ ఉంటుంది.

ఇరవై నిమిషాల్లో ఎనిమిది స్కోర్‌బోర్డుకి, ఐదు హెడ్డింగ్ కాప్షన్లకి, మిగతా ఏడు పేర్లూ తేదీలూ భాషకి పెట్టుకో. ఈ నెలంతా రోజూ ఒక పాత మ్యాచ్ స్కోర్‌బోర్డు తీసుకుని ఫ్రెండ్‌ని మూడు అంకెలు మార్చి ఇవ్వమను, ఎన్ని దొరికాయి, ఏ కూడికలో దొరికాయి అని రాసి పెట్టుకో, పదిరోజులకి నీ కన్ను ఎక్కడ జారుతుందో నీకే తెలిసిపోతుంది, ఆ చెక్‌ని టెస్ట్‌లో మొదట చెయ్యి.