పెద్దవాళ్ల యాత్రల సంస్థకు ఏ పేరు?

మహబూబ్‌నగర్‌లో పెద్దవాళ్ల కోసం తీర్థయాత్రల ట్రావెల్స్ పెడుతున్నాం. భద్రత, సౌకర్యం తెలిసేలా ఏం పేరు పెట్టాలి?

ప్రయాణం ఎలా సాగుతుందో చెప్పే ఇంటిమాట పెట్టండి, ‘నిమ్మళం యాత్రలు’ లాగా. పెద్దవాళ్ల అసలు టెన్షన్ దూరం గురించి కాదు, ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు తొందరపెడతారేమోనని. ‘నిమ్మళంగా పోయి రా’ అనేది మన ఇళ్లలో రోజూ వినే మాట కాబట్టి ఫోన్‌లో ఒక్కసారి చెప్పినా అర్థమవుతుంది. అయితే పేరుకు తగ్గట్టే నడపాలి: అలంపురం వెళ్లిన రోజు జోగులాంబ, బాలబ్రహ్మేశ్వర ఆలయాలు చాలు. అదే రోజు శ్రీశైలం కూడా కలిపితే పేరు అబద్ధమవుతుంది.

‘సేఫ్’, ‘సీనియర్’ అని పెడితే నమ్మకం వస్తుందని చాలామంది అనుకుంటారు. నిజానికి మొదటిది ప్రమాదాన్ని గుర్తుచేస్తుంది, రెండోది వయసును.