రాజీనామా లేఖ రాసే ముందు బాకీల లెక్క, బీమా లెక్క తేల్చుకోండి

ప్రశ్న: నా వయసు 40. విశాఖపట్నంలో కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో 13 ఏళ్లుగా పర్మనెంట్ ఉద్యోగిని, గ్రూప్ బి, జాతీయ పింఛను పథకం ఎన్‌పీఎస్‌లో ఉన్నాను. బేసిక్, డీఏ కలిపి 95,000 రూపాయలు. హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు కంపెనీ నెలకు 1.6 లక్షలు ఇస్తానంటోంది, 45 రోజుల్లో చేరాలి. నెల రోజుల నోటీసుతో త్రూ ప్రాపర్ ఛానల్ రాజీనామా పెట్టి, ఆమోదపు ఉత్తర్వు, నో డ్యూస్ సర్టిఫికెట్ అడుగుదామనుకుంటున్నాను. ఫ్లాట్ కోసం ప్రభుత్వం నుంచి తీసుకున్న 18 లక్షల ఇంటి అడ్వాన్సు హెచ్‌బీఏలో 36 వాయిదాలు పోగా 14.4 లక్షలు ఉంది (వడ్డీ 7.1 శాతం). గ్రాట్యుటీ 6 లక్షలు, 240 రోజుల ఆర్జిత సెలవులకు 7.6 లక్షలు, ఎన్‌పీఎస్‌లో ఉన్న 28 లక్షల్లో 60 శాతం వస్తాయి కదా. అవి చేతికొచ్చేలోగా పర్సనల్ లోన్‌తో హెచ్‌బీఏ తీర్చేయవచ్చా? నాకు బీపీ ఉంది. భార్య గృహిణి, ఇద్దరు పిల్లలు. 4 లక్షల ఎఫ్‌డీ ఉంది, సొంత పాలసీలు లేవు.

జవాబు: పర్సనల్ లోన్‌తో తీర్చకండి. మీరు రాసిన మూడు రాబడుల్లో ఒకటి అసలు రాదు, మిగిలిన రెండూ మీరు అనుకున్నంత రావు, తీర్చవలసిన బాకీ మాత్రం మీరు అనుకున్నదానికంటే ఎక్కువ. ఈ ఉత్తరాన్ని జవాబుకు ఎంచుకున్నది కూడా అందుకే. పదవీ విరమణ చేసిన సహోద్యోగుల లెక్కలను రాజీనామాకు అన్వయించుకునేవారు చాలామంది కనిపిస్తున్నారు.

కేంద్ర పింఛను నిబంధనల ప్రకారం రాజీనామా చేసిన ఉద్యోగి అంతకుముందు చేసిన సర్వీసు మొత్తం జప్తు అవుతుంది. గ్రాట్యుటీకి ఆధారం ఆ సర్వీసే కాబట్టి మీకు గ్రాట్యుటీ ఉండదు. అయిదేళ్లు పనిచేస్తే చాలునని ప్రైవేటు ఉద్యోగంలో ఉన్న మిత్రులు చెప్పే మాట వారికి వర్తించే గ్రాట్యుటీ చట్టం నుంచి వచ్చింది, అది మీకు వర్తించదు. ఆర్జిత సెలవుల విషయంలో, రాజీనామా చేసినవారికి ఖాతాలో ఉన్న సెలవుల్లో సగానికి మాత్రమే, అదీ 150 రోజులకు మించకుండా, నగదు ఇస్తారు. అంటే మీకు 120 రోజులకు, 3.8 లక్షలు. ఎన్‌పీఎస్‌లో 60 శాతం నగదు పదవీ విరమణ చేసినవారికి. గడువుకు ముందే బయటికి వస్తే చేతికొచ్చేది 20 శాతం, మిగిలిన 80 శాతంతో నెలనెలా పింఛను ఇచ్చే యాన్యుటీ కొనవలసిందే. మీ 28 లక్షల్లో 5.6 లక్షల కోసం 22.4 లక్షలను 40 ఏళ్ల వయసులో యాన్యుటీకి కట్టిపడేయడం నాకు ఏ విధంగానూ సమంజసంగా తోచదు. మీ ఎన్‌పీఎస్ ఖాతా నంబరైన ప్రాన్‌ను అలాగే ప్రైవేటు రంగానికి మార్పించుకుని ఖాతాను కొనసాగించండి. ఇలా చూస్తే మీరు 30 లక్షలకు పైగా అనుకున్న చోట నిజంగా చేతికి రాగలిగింది 3.8 లక్షలు, దానితోపాటు గ్రూప్ ఇన్సూరెన్స్ పొదుపు ఖాతాలో ఉన్న చిన్న మొత్తం.

ఇక హెచ్‌బీఏ. మీ పే స్లిప్‌లో ఆ పద్దు పక్కన 36/180 అని ఉంటుంది. ఆ 180 వాయిదాలూ అసలుకే చెల్లుతాయి. వడ్డీ విడిగా లెక్కకడుతూ పోయి, అసలు తీరిన తర్వాత మరో 60 వాయిదాల్లో వసూలు చేస్తారు. అందువల్ల ఇప్పటివరకు పేరుకున్న వడ్డీ మీ పే స్లిప్‌లో ఎక్కడా కనిపించదు. నిల్వ ఈ మూడేళ్లలో 18 లక్షల నుంచి నెలకు 10,000 చొప్పున తగ్గుతూ వచ్చింది కాబట్టి సగటు నిల్వ సుమారు 16.25 లక్షలు. దానిపై 7.1 శాతం చొప్పున మూడేళ్లకు సాధారణ వడ్డీ దాదాపు 3.46 లక్షలు. అసలు 14.4 లక్షలు కలిపితే మీ బాకీ 17.86 లక్షలకు చేరుతుంది. మూడేళ్లు కట్టిన తర్వాత కూడా తీసుకున్న మొత్తం దగ్గరే ఉన్నారన్నమాట. పదవీ విరమణ కాకుండా మరే కారణంతో ఉద్యోగం వదిలినా ఈ మొత్తం ఒక్కసారిగా చెల్లించాలని హెచ్‌బీఏ నిబంధనల్లోనే ఉంది. అది తీరే వరకు హెచ్‌బీఏ విభాగం నో డ్యూస్ మీద సంతకం పెట్టదు, రాష్ట్రపతి పేరిట తనఖాలో ఉన్న మీ ఫ్లాట్ పత్రాలూ తిరిగి రావు.

దీనికి పర్సనల్ లోన్ తీసుకుంటానన్న ఆలోచన చదివి నిజంగా విసుగు కలిగింది. ఉదాహరణకు 18 లక్షలను 13 శాతం వడ్డీకి అయిదేళ్ల గడువుతో తీసుకుంటే నెలకు దాదాపు 41,000 రూపాయలు కట్టాలి. ఇప్పుడు మీ జీతంలో ఇదే అప్పుకు పోతున్నది 10,000. రాని గ్రాట్యుటీని నమ్ముకుని, ఇంటి హామీ ఉన్న తక్కువ వడ్డీ అప్పును ఏ హామీ లేని ఎక్కువ వడ్డీ అప్పుగా మార్చుకుని, ప్రొబేషన్‌లో ఉండే కొత్త ఉద్యోగంలోకి వెళ్లడాన్ని ఏ ప్రణాళికా సమర్థించదు. మీకున్న సరైన దారి, ఆ ఫ్లాట్ మీదే ఏదైనా బ్యాంకు గృహరుణంతో హెచ్‌బీఏను టేకోవర్ చేయించుకోవడం. 8.5 శాతం వడ్డీతో 15 ఏళ్లకు అయితే వాయిదా 17,700 రూపాయల దగ్గర ఉంటుంది. బ్యాంకుకు ఉద్యోగం మారుతున్న సంగతి దాచకుండా, కొత్త కంపెనీ ఆఫర్ లెటర్ జతచేసి అడగండి. మంజూరు మాట చేతికొచ్చే వరకు రాజీనామా పెట్టకండి.

రాజీనామా ప్రక్రియలోనూ మీ అంచనా ఒకటి సరిచేయాలి. నెల రోజుల నోటీసు ఇచ్చి వెళ్లిపోయే పద్ధతి తాత్కాలిక ఉద్యోగులది. పర్మనెంట్ ఉద్యోగి రాజీనామా, నియామకాధికారి దాన్ని ఆమోదించి, ఉద్యోగిని విధుల నుంచి రిలీవ్ చేసిన రోజునే అమల్లోకి వస్తుంది. మీరు లేఖలో వేసిన తేదీ దానంతటది దేన్నీ ముగించదు. ఆమోదానికి ముందు విజిలెన్స్ క్లియరెన్స్ చూస్తారు. మీపై విచారణ ఏదైనా ఉన్నా, రాబోతున్నా ఆమోదం అక్కడే ఆగవచ్చు. ముఖ్యమైన పని మీ చేతిలో ఉంటే ప్రత్యామ్నాయం చూసేదాకా ఆపవచ్చు. ఆమోదం రాకముందే కొత్త కంపెనీలో చేరితే మీది అనధికార గైర్హాజరు అవుతుంది. దానిపై క్రమశిక్షణ చర్య తొలగింపు దాకా వెళ్లిందంటే, మర్యాదగా వదిలిపెట్టగలిగిన ఉద్యోగం మచ్చతో పోతుంది.

లేఖను మీ పై అధికారి ద్వారా నియామకాధికారి పేరిట రాయండి. స్పష్టంగా, ఏ షరతూ లేకుండా, ఏ తేదీ నుంచి రిలీవ్ కావాలో తెలిపి, రాజీనామా కోరుతున్నట్టు ఒకే ఒక్క పేరాలో చెప్పండి. ‘బకాయిలన్నీ చెల్లిస్తేనే’, ‘హెచ్‌బీఏ వాయిదాలు కొనసాగనిస్తేనే’ వంటి మాటలు చేరితే అది షరతుతో కూడిన రాజీనామా అయి వెనక్కి వస్తుంది. ఆమోదపు ఉత్తర్వు ప్రతి, రిలీవింగ్ ఆర్డర్, సర్వీసు సర్టిఫికెట్, చివరి వేతన ధ్రువపత్రం, నో డ్యూస్ సర్టిఫికెట్ ఇప్పించవలసిందిగా వేరే కాగితంపై వినతిగా రాసి, దాన్ని రాజీనామాకు జతచేయండి. రెండింటి మీదా ఇన్‌వర్డ్ నంబరు, తేదీ వేయించుకున్న ప్రతులు మీ దగ్గర ఉంచుకోండి.

నో డ్యూస్‌కు ఒక పద్ధతి పాటిస్తే రోజులు కలిసి వస్తాయి. రాజీనామాకు ముందే, హెచ్‌బీఏలో అసలు ఎంత, వడ్డీ ఎంత ఉందో తెలిపే స్టేట్‌మెంట్ ఇప్పించమని మీ జీతాల బిల్లులు చూసే అధికారి డీడీఓకు రాయండి. ఆ లెక్క పే అండ్ అకౌంట్స్ ఆఫీసుకు వెళ్లి సరిచూసుకుని రావాలి, సాధారణంగా ఆలస్యమయ్యేది అక్కడే. క్వార్టర్స్, లైబ్రరీ, ఉద్యోగుల సహకార సంఘం, గుర్తింపు కార్డు, ల్యాప్‌టాప్ వంటివి ఒకటి రెండు రోజుల్లో సంతకాలతో తేలిపోతాయి. 45 రోజుల్లో ఇవన్నీ ముగియడం కష్టం కాబట్టి కంపెనీని 90 రోజుల గడువు అడగండి. ఆమోదం అమల్లోకి రాకముందు రాజీనామా వెనక్కి తీసుకుంటానని కోరవచ్చు. అమల్లోకి వచ్చాక మాత్రం, ప్రైవేటు సంస్థలో చేరడానికి వదిలినవారికి ఆ తలుపు మూసుకుపోయినట్టే.

మీరు ఒక్క ముక్క కూడా అడగని విషయం బీమా, నన్ను అన్నిటికంటే కలవరపెట్టినదీ అదే. సొంత పాలసీ లేకపోయినా ఇన్నాళ్లూ మీ కుటుంబానికి పెద్ద రక్షణే ఉంది, అయితే అది ఉద్యోగంతో ముడిపడి ఉంది. సర్వీసులో ఉండగా మీకేమైనా అయితే, ఎన్‌పీఎస్‌లో మీరు వేరే ఆప్షన్ రాసి ఇవ్వకుండా ఉంటే, మీ భార్యకు పదేళ్లపాటు చివరి బేసిక్‌లో సగం, దానిపై డీఏ, అంటే ఈనాటి లెక్కన నెలకు 47,500 కుటుంబ పింఛనుగా వచ్చేది. ఆ తర్వాత 30 శాతం చొప్పున కొనసాగేది. 11 ఏళ్లు దాటిన సర్వీసు కాబట్టి డెత్ గ్రాట్యుటీ 20 నెలల వేతనం, 19 లక్షలు. వీటికి తోడు కేంద్ర ఉద్యోగుల ఆరోగ్య పథకం సీజీహెచ్‌ఎస్ కింద వైద్యం, కారుణ్య నియామకానికి అర్హత. రిలీవింగ్ ఆర్డర్ మీద సంతకం పడిన సాయంత్రానికి ఇవన్నీ ఆగిపోతాయి. జీతంలో కోతపడే గ్రూప్ ఇన్సూరెన్స్ పథకం సీజీఈజీఐఎస్‌ను చూసి బీమా ఉందనుకుంటే, గ్రూప్ బి ఉద్యోగికి అందులో ఉన్న కవరేజీ 60,000 రూపాయలు మాత్రమే, అది కూడా ఆగుతుంది.

అందువల్ల రాజీనామా లేఖ కంటే ముందు మీ చేతిలో ఉండవలసినవి రెండు పాలసీలు. మొదటిది కనీసం 1.5 కోట్ల టర్మ్ పాలసీ. నెలకు 47,500 చొప్పున పోయే కుటుంబ పింఛనును, మీద పడే 18 లక్షల గృహరుణాన్ని కలిపి చూస్తే అంతకు తక్కువ సరిపోదు. మీకు బీపీ ఉన్నందున వైద్య పరీక్షలు అడుగుతారు, ప్రీమియం కొంత పెంచవచ్చు, నిర్ణయానికి కొన్ని వారాలు పట్టవచ్చు. ప్రతిపాదన పత్రంలో బీపీ సంగతి, వాడుతున్న మాత్రల పేర్లు దాచకుండా రాయండి, దాచిన పాలసీ క్లెయిమ్ రోజున అక్కరకు రాదు. రెండవది కుటుంబమంతటికీ కనీసం 10 లక్షల ఆరోగ్య పాలసీ. ముందునుంచి ఉన్న జబ్బులకు బీమా సంస్థ మూడేళ్ల వరకు వేచి ఉండే కాలం పెట్టవచ్చు కాబట్టి ఆ గడియారం ఎంత ముందు మొదలైతే అంత మంచిది. కంపెనీ గ్రూప్ పాలసీ ఇస్తుందని దీన్ని వాయిదా వేయకండి. ప్రైవేటు ఉద్యోగం పోయిన రోజునే ఆ పాలసీ కూడా పోతుంది, అప్పుడు తిరిగి వెళ్లడానికి సీజీహెచ్‌ఎస్ ఉండదు.

మీ 4 లక్షల ఎఫ్‌డీని హెచ్‌బీఏకు గానీ, ప్రీమియానికి గానీ ముట్టుకోకుండా అత్యవసర నిధిగా ఉంచండి, సెలవుల నగదు వచ్చాక దాన్నీ అందులోనే కలపండి.

వేరే ప్రభుత్వ ఉద్యోగానికి అనుమతితో దరఖాస్తు చేసి వెళ్తే అది సాంకేతిక రాజీనామా అయి పాత సర్వీసు నిలుస్తుంది, మీది ఆ కోవకు రాదు. 20 ఏళ్లు నిండితే మూడు నెలల నోటీసుతో స్వచ్ఛంద విరమణ తీసుకుని గ్రాట్యుటీ పొందవచ్చు, దానికి మీకింకా ఏడేళ్లుంది. ఒకవేళ మీరు ఏకీకృత పింఛను పథకానికి మారి ఉంటే, రాజీనామా చేసినవారికి అందులో హామీ పింఛను లేదని గుర్తుంచుకోండి.

ఈ వారంలోనే హెచ్‌బీఏ స్టేట్‌మెంట్‌కు రాసి, రెండు పాలసీలకు దరఖాస్తు చేసి, బ్యాంకును కలవండి. స్టేట్‌మెంట్‌లోని మొత్తం 18 లక్షలు దాటినా, టర్మ్ పాలసీ ప్రతిపాదనను సంస్థ తిరస్కరించినా, లేఖ ఇవ్వకుండా ఆ వివరాలతో మళ్లీ రాయండి.