గట్టు మీది నుంచి చూస్తే లోతు తెలియదు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

పిల్లలను ఈతకొలనుకు తీసుకువెళ్లే ముందు ఏ ఆటలు ఆడించాలని అడిగావు. "లోతుకు వెళ్లవద్దు" అంటే పిల్లలు సరేనంటారు కానీ, లోతు ఎక్కడ మొదలవుతుందో వారి కంటికి తెలియదు. గట్టు మీది నుంచి నిటారుగా కిందికి చూసినప్పుడు నీటి లోతు అసలు దానిలో నాలుగింట మూడు వంతులే ఉన్నట్టు కనబడుతుంది. ఏటవాలుగా చూస్తే ఇంకా తక్కువగా తోస్తుంది. నేనైతే ఈ భ్రమ పోగొట్టడానికే ఎక్కువ సమయం ఇస్తాను.

ఒక గిన్నె అడుగున నాణెం పెట్టి, అది గిన్నె అంచు చాటున సరిగ్గా కనుమరుగయ్యేంత వరకు పిల్లవాడిని వెనక్కు జరగమను. అతను కదలకుండా నిలబడి ఉండగా నెమ్మదిగా నీళ్లు పోస్తే నాణెం మళ్లీ కనబడుతుంది. నాణెం కదలలేదని, అడుగు పైకి లేచినట్టు కన్నే పొరబడిందని వారిచేతనే చెప్పించు.

తరువాత ఒక పొడవాటి కర్రకు, అందరికంటే పొట్టి పిల్లవాడి రొమ్ము ఎత్తున రిబ్బను కట్టించు. 4 అడుగుల పిల్లవాడికి అది సుమారు 3 అడుగుల దగ్గర వస్తుంది. 4 అడుగుల నీరు పైనుంచి 3 అడుగులుగా కనబడుతుంది కనుక, రొమ్ము లోతే కదా అని దిగినవాడికి నీరు నడినెత్తికి వస్తుంది. ఈ లెక్కను గోడ మీద గీతలు గీసి పిల్లలనే కట్టనివ్వు. కొలను దగ్గర ఎవరూ దిగకముందే పెద్దవారు ఆ కర్రను నాలుగైదు చోట్ల అడుగు తగిలేలా దించి చూపాలి. తడి రిబ్బనును దాటిన చోటికి ముందే హద్దు తాడు కట్టాలి. అడుగు వాలుగా ఉండే కొలనులో ఒక్కచోట కొలిచి ఊరుకోవద్దు.

ఇక రెండవ ఆట. నేల మీద గీసిన గీత నీటి అంచు. మునిగేవాడు కేకలు వేస్తాడని పిల్లలు అనుకుంటారు. నిజానికి చాలాసార్లు తల వెనక్కు వాలి, నోరు నీటి మట్టానికి వచ్చి, చేతులు పక్కలకు చాచి నీటిని కిందికి నొక్కుతూ నిశ్శబ్దంగా ఉంటాడు. ఒకరు అలా నటించాలి, మిగిలినవారు గుర్తుపట్టి పెద్దలను కేకవేయాలి, ఆపైన బోర్లా పడుకుని తువ్వాలు అందించాలి లేదా తాడు విసరాలి. గీత దాటితే ఆట పోయినట్టే. మొదట గీత దాటేది తరచు మంచి మనసున్న పిల్లలే, కనుక వారిని మందలించకు, మళ్లీ ఆడించు.

ఊపిరి బిగబట్టే పందెం మాత్రం నీటిలో ఎన్నడూ పెట్టవద్దు. ముందుగా గబగబా ఊపిరి పీల్చి వదిలి మునిగిన పిల్లవాడు ఏ సూచనా లేకుండా స్పృహ తప్పవచ్చు.

కొలనులో జంటలు కట్టి, ఈల వేయగానే జతగాడి చేయి పట్టుకుని పైకెత్తమని చెప్పు. ప్రతి ఐదు నిమిషాలకు ఈల వేయి. అలా జంటలను లెక్క చూసే మనిషి పిల్లలకు ఈత నేర్పకూడదు, ఫోను పట్టుకోకూడదు, నీటి మీది నుంచి చూపు తిప్పకూడదు.